లెక్చరర్ ప్రమోషన్‌కు సిఫారసు లేఖ: ఏ వాక్యం వెనుక ఏ రిజిస్టరు ఉండాలి

ప్రశ్న: సార్, నమస్తే. నల్లగొండ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ విభాగం ఇన్‌ఛార్జిని. మా విభాగంలో ఒక మేడమ్ అసోసియేట్ ప్రొఫెసర్ ప్రమోషన్‌కు పెట్టుకుంటున్నారు. బోధన, పరిశోధన రెండింటి మీద ఆధారాలతో సిఫారసు లేఖ రాసివ్వమని అడిగారు. నేను రాసింది చదువుకుంటే పెళ్ళి సంబంధానికి పిల్లను మెచ్చుకున్నట్టుంది. మేడమ్ నిజంగా బాగా పనిచేస్తారు. కానీ ఆధారాలు అంటే ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి? ఒక నమూనా ఇవ్వగలరా?

జవాబు:

సార్, రాయడానికి కూర్చునే ముందు ఒక సంగతి తేల్చుకోండి. ఆ ప్రమోషన్ కమిటీలో మీరే కూర్చోవాల్సి వస్తుందా? 2018 యూజీసీ నిబంధనల్లో కాలేజీ అసోసియేట్ ప్రొఫెసర్ సెలక్షన్ కమిటీలో ఆ సబ్జెక్టు విభాగాధిపతికి కూడా చోటుంది. బయట నిలబడి సిఫారసు చేసి, లోపల కూర్చుని దాన్నే తూచడం బాగుండదు. ప్రిన్సిపాల్ గారిని అడిగి, మీరు కమిటీలో ఉంటారంటే లేఖ ఇంకెవరితోనైనా రాయించమనండి. లేరంటే నిశ్చింతగా రాయండి.

రెండో సంగతి, ఈ లేఖకు మార్కులు లేవు. అవే నిబంధనల్లో బోధనను తూచేది కేటాయించిన క్లాసుల్లో ఎన్ని తీసుకున్నారన్న లెక్క. 80 శాతం, ఆపైన ఉంటే 'గుడ్', 70 నుంచి 80 లోపు అయితే 'సంతృప్తికరం', 70కి తగ్గితే ఆ రెండూ లేవు. కాలేజీ టీచరు లెవెల్ 12 నుంచి 13ఎకు, అంటే అసోసియేట్ ప్రొఫెసర్‌కు, వెళ్ళడానికి అక్కడ మూడేళ్ళ సర్వీసు, పీహెచ్‌డీ, ఆ కాలంలో చేసిన ఒక రిఫ్రెషర్ లాంటి కోర్సు, మూడు వార్షిక నివేదికల్లో కనీసం రెండింటికి 'సంతృప్తికరం' గానీ 'గుడ్' గానీ కావాలి. 70 రీసెర్చ్ స్కోరు ఉండాలన్నది ఈ మెట్టు దగ్గర యూనివర్సిటీ విభాగాల వారికి. ఇది తెలియక చాలామంది కాలేజీ వాళ్ళ లేఖల్లో పేపర్ల సంఖ్యను ఉబ్బించి రాస్తుంటారు. అక్కరలేని చోట ఉబ్బించి, అక్కరున్న చోట అనుమానం తెచ్చిపెడతారు. మీ కమిషనరేట్ తాజా సర్క్యులర్‌లో ఏముందో దగ్గర పెట్టుకోండి.

మరి మార్కులు లేని లేఖ ఎందుకంటారా? ఫైలులో అంకెలుంటాయి, ఆ అంకెలు ఎట్ల వచ్చాయో ఉండదు. 'మూడో సెమిస్టర్‌లో 33 మంది పాసయ్యారు' అని ఫైలు చెప్తుంది. దానికి ఆమె ఏం చేశారు, ఆమె చేయకపోయినా అంతమంది పాసయ్యేవాళ్ళేనా అన్నది పక్క గదిలో ఉన్న మీకు తెలుసు. లేఖ పని అది.

నేను పాలమూరు, నల్లగొండ రెండు వైపులా పనిచేసి ప్రిన్సిపాల్‌గా రిటైరయ్యాను. మొదట్లో నేనూ మీలాగే రాశాను, మీకంటే అధ్వానంగా కూడా. ఒకసారి ఒక లెక్చరర్ తానే లేఖ టైపు చేయించుకుని తెచ్చాడు. పని ఒత్తిడిలో ఉన్నాను, చదివి సంతకం పెట్టాను. ఇంటర్వ్యూ రోజు బయటి నుంచి వచ్చిన సబ్జెక్టు నిపుణుడు నన్ను పిలిపించి, 'ఈ పేపర్‌లో ఐదుగురు రచయితలున్నారు, మీరు ఈయన కృషి కీలకం అని రాశారు, ఈయన చేసిన పని ఏంది?' అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత తెలిసింది, అదే పేరా అక్షరం మార్పు లేకుండా ఇంకో కాలేజీ అభ్యర్థి లేఖలో కూడా ఉందట. ఆ రోజు నుంచి అభ్యర్థి రాసిచ్చిన చిత్తుప్రతి తీసుకోవడం మానేశాను. జాబితా ఇమ్మంటాను, వాక్యాలు నావే.

మీరు మేడమ్‌ను అడగాల్సింది మూడు నాలుగు వస్తువులే. గత మూడేళ్ళ టీచింగ్ డైరీ, ఆమె చెప్పిన పేపర్ల ఫలితాల షీట్లు, ఇంటర్నల్ పరీక్షల జవాబు పత్రాల్లో కొన్ని, అచ్చయిన పేపర్ల మొదటి పేజీలు. ఇవి వచ్చాక ఆమెకు చెప్పి రెండు క్లాసుల్లో వెనక బెంచీలో కూర్చోండి. ల్యాబులో ఒక పూట గడపండి. 'నేను చూశాను' అని రాసే హక్కు అప్పుడే వస్తుంది. ఇన్నేళ్ళు పక్క గదిలో ఉన్నా ఆమె క్లాసు ఒక్కటి కూడా వినలేదని మీకు అప్పుడు గుర్తుకు రావచ్చు. మనలో చాలామంది సంగతి అంతే.

ఇక బోధన పేరా. అందరూ పాస్ శాతంతోనే మొదలుపెడతారు, అక్కడే జారిపడతారు. నేను రాసిన ఒక లేఖతోనే చెప్తాను. ఆ లేఖ రాయించుకున్న మేడమ్‌దీ కెమిస్ట్రీనే, పరిశోధన ఫ్లోరైడ్ మీదనే. నల్లగొండలో కెమిస్ట్రీ చదివినవాడు ఎప్పుడో ఒకప్పుడు ఫ్లోరైడ్ దగ్గరికి రాక తప్పదు కదా. మనిషిని గుర్తుపట్టకుండా అంకెలు కొంచెం మార్చాను.

ఆమె ఇచ్చిన కాగితంలో 'పాస్ శాతం 80' అని ఉంది. ఫలితాల షీటు తీసి చూస్తే పరీక్ష రాసినవాళ్ళు 41 మంది, పాసైనవాళ్ళు 33. భాగిస్తే 80 సరిపోయింది. కానీ అడ్మిషన్ రిజిస్టరులో ఆ సెక్షన్‌లో 46 మంది ఉన్నారు. ఐదుగురు హాజరు చాలకనో, ఫీజు కట్టకనో, మధ్యలో పనికి పోయో పరీక్షే రాయలేదు. చేరినవాళ్ళ లెక్కన చూస్తే 72 శాతం. అంతకు ముందు ఏడు అదే పేపరు వేరే లెక్చరర్ చెప్పినప్పుడు చేరినవాళ్ళు 44, రాసినవాళ్ళు 38, పాసైనవాళ్ళు 22. రాసినవాళ్ళ లెక్కన 58, చేరినవాళ్ళ లెక్కన సరిగ్గా 50. ఎట్ల చూసినా పెరుగుదల ఉంది. కానీ ఒక ఏడాది 80 తీసుకుని దాన్ని ఇంకో ఏడాది 50 పక్కన పెడితే అది మోసం. ఏ లెక్క తీసుకున్నా రెండేళ్ళకూ అదే తీసుకోవాలి. నేను రెండు లెక్కలూ రాశాను. కమిటీలో లెక్కలు చూసేవాడు ఒకడైనా ఉంటాడు, వాడు భాగించి చూసుకుంటే సరిపోవాలి.

అయితే 46 మంది మీద పది పన్నెండు మంది తేడా ఒక బ్యాచ్ బాగుండటం వల్ల కూడా రావచ్చు. పేపరు సులువుగా వచ్చి ఉండొచ్చు. అందుకని పాస్ శాతాన్ని ఆధారంగా పెట్టి వదిలేయకూడదు, కారణం కూడా కనబడాలి. అది నాకు ఎక్కడ దొరికిందంటే, ఇంటర్నల్ పత్రాల కట్టలో.

ఆమె చెప్పే యూనిట్లలో పీహెచ్, బఫర్లు, ఎలక్ట్రోకెమిస్ట్రీ ఉన్నాయి. వీటన్నిటికీ లాగరిథమ్ కావాలి. మన పిల్లల్లో ఇంటర్‌లో బైపీసీ చదివి వచ్చినవాళ్ళు, తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంలోకి మారినవాళ్ళు ఎక్కువ. హైడ్రోజన్ అయాన్ గాఢత 2 × 10⁻³ అని ఇచ్చి పీహెచ్ ఎంత అంటే 3.2 అని రాస్తారు. ఘాతం మూడు కనబడింది, రెండు కనబడింది, పక్కపక్కన పెట్టేశారు. రావాల్సింది 3 − log 2, అంటే 2.7. పిల్లలకు కెమిస్ట్రీ రాక కాదు, లాగ్ రాక తప్పుతున్నారని ఆమె కనిపెట్టి, యూనిట్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టింది. పది లెక్కలు, అందులో కెమిస్ట్రీ మాటే లేదు. 46 మందిలో సగానికి పైగా చేసినవాళ్ళు 11 మంది. తర్వాత ఎనిమిది రోజులు పొద్దున తొమ్మిదింటికి, కాలేజీ మొదలయ్యే ముందు, లాగ్ పట్టిక చూడటం నేర్పింది. ఊళ్ళ నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలు అంత పొద్దున రాలేరని తెలిసి వాళ్ళకు మధ్యాహ్నం భోజనం వేళ ఇంకో విడత పెట్టింది. మళ్ళీ అటువంటి పరీక్షే పెడితే 34 మంది చేశారు. రెండు విడతల పత్రాలూ కట్ట కట్టి బీరువాలో ఉంచింది.

ఆ రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు లేఖ దొరికింది. 'విద్యార్థుల పట్ల అంకితభావం' అని నేను పది లేఖల్లో రాసి ఉంటాను. ఈ లేఖలో ఆ మాట రాయలేదు, రాయాల్సిన అవసరం రాలేదు.

ఫీడ్‌బ్యాక్ సగటు గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తాను. 5కు 4.6 అని రాయడం వల్ల ఏమీ తేలదు, మన కాలేజీల్లో దాదాపు అందరికీ నాలుగున్నర చుట్టూనే వస్తుంది. పిల్లలు ఖాళీ చోట చేత్తో రాసిన మాటలు చదవండి. 'మేడమ్ బోర్డు మీద ఇంగ్లిష్ మాట రాసి పక్కన తెలుగు చెప్తుంది' అని నలుగురు వేర్వేరుగా రాస్తే అది ఒక్కటి ఎత్తి రాయండి, ఎంతమంది రాశారో చెప్పి.

పరిశోధన పేరా ఇంతకంటే కష్టం, ఎందుకంటే మీరు ల్యాబులో పక్కన లేరు. పేపర్ల జాబితా ఎట్లాగూ దరఖాస్తులో ఉంటుంది, లేఖలో మళ్ళీ దించకండి. ఒక్క పేపరు తీసుకుని అందులో ఈ మనిషి చేతిపని ఏదో చెప్పండి. నిబంధనల్లో కూడా ఇద్దరికి మించి రచయితలున్న పేపరుకు మొదటి రచయితకూ, జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే కరెస్పాండింగ్ రచయితకూ 70 శాతం విలువ, మిగతావాళ్ళకు తలా 30 శాతం. పేరు ఎన్నో స్థానంలో ఉందో మీరు దాచినా ఫైలు చెప్తుంది. మూడో పేరుగా ఉన్న పేపరును 'ఆమె పరిశోధన' అని రాస్తే మిగతా లేఖ మీద కూడా నమ్మకం పోతుంది. మూడో పేరే అయినా 'నమూనాల సేకరణ, కొలతలు ఈమెవి, గణాంక విశ్లేషణ సహరచయితలది' అని రాస్తే అది గౌరవంగా ఉంటుంది.

నేను ఎత్తుకున్న పని ఇది. ఆమె, ఆమె పిల్లలు మునుగోడు వైపు కొన్ని ఊళ్ళ బోర్ల నీళ్ళలో ఫ్లోరైడ్ కొలిచారు. మన ప్రమాణాల ప్రకారం తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే దారి లేకపోతే 1.5 వరకు. కొన్ని ఇళ్ళలో పటిక, సున్నం వేసి నీళ్ళు తేర్చుకునేవాళ్ళు. నాగపూర్ నీరీ వాళ్ళు రూపొందించి మన జిల్లా పేరే పెట్టిన నల్లగొండ టెక్నిక్ అదే. తేర్చిన నీళ్ళను కూడా పిల్లలు తెచ్చి కాలేజీ ల్యాబులో స్పాడ్న్స్ పద్ధతిలో కొలిచారు. జిర్కోనియంతో కలిసిన ఒక ఎర్ర రంగు ద్రావణం అది. ఫ్లోరైడ్ ఉన్నకొద్దీ ఆ ఎరుపు తగ్గుతుంది, తగ్గినదాన్ని కలరీమీటరులో చూస్తారు. ఒక ఇంటి నీళ్ళకు 0.9 వచ్చింది. పిల్లలు సంబరపడ్డారు, ఒకటికి లోపే కదా.

ఆమెకు అనుమానం వచ్చింది. పటికలో ఉన్నది అల్యూమినియం. తేర్చిన నీళ్ళలో అది కొంచెం మిగిలిపోతే ఫ్లోరైడ్‌ను తాను పట్టుకుని కూర్చుంటుంది. అప్పుడు రంగు తగ్గాల్సినంత తగ్గదు, నీళ్ళలో ఫ్లోరైడ్ తక్కువున్నట్టు కనబడుతుంది. అవే నీళ్ళను యూనివర్సిటీ ల్యాబుకు తీసుకుపోయి, అల్యూమినియం పట్టు విడిపించే బఫర్ కలిపి ఎలక్ట్రోడ్‌తో కొలిపించింది. 1.2 వచ్చింది. అప్పటికే జర్నల్‌కు పంపిన పట్టికను వెనక్కి తీసుకుని, పటిక వేసిన నమూనాలన్నీ మళ్ళీ కొలిచి, ఐదు నెలలు ఆలస్యంగా పంపింది. పచ్చి బోరు నీళ్ళకు ఈ బాధ లేదు కాబట్టి వాటిలో కొన్నిటిని మాత్రమే రెండు పద్ధతుల్లోనూ సరిచూసింది.

కొత్త పేపరు కంటే ఈ ఆలస్యమే లేఖలో రాయదగ్గ సంగతి అని నాకు అనిపించింది. ప్రమోషన్ గడువు దగ్గర పెట్టుకుని, తన పట్టికలో తప్పు తానే పట్టుకుని ఆపుకున్న మనిషి. దీనికి ఆధారాలు మూడు: ల్యాబ్ నోటుబుక్కులో రెండు తేదీల కొలతలు, జర్నల్‌కు పంపిన ఉపసంహరణ మెయిలు, కొత్త పట్టిక. మూడూ నేను చూశాను.

జర్నల్ గురించి ఒక జాగ్రత్త. డబ్బు కడితే వారంలో అచ్చువేసేవి మీ మేడమ్ జాబితాలో ఒకటీ అరా ఉండొచ్చు, మన దగ్గర ఒక దశలో అందరూ వేశారు. వాటిని మీ లేఖలో ఎత్తకండి, సమర్థించకండి. యూజీసీ తన కేర్ జర్నళ్ళ జాబితాను 2025లో ఆపేసింది కాబట్టి అంతకు ముందు అచ్చయిన పేపరు అప్పటి జాబితాలో ఉందని చూపడానికి ఆనాటి పేజీ ప్రింటు ఆమె దగ్గరుంటే దరఖాస్తుకు జత చేయమనండి. అది ఆమె పని, లేఖలో చర్చ అక్కరలేదు.

ఇక లేఖ. పైన చెప్పిన కేసులో నేను పంపినదానికి ఇది తెలుగు రూపం. కమిటీలో బయటి రాష్ట్రం నిపుణులుంటే ఇంగ్లిష్‌లోనే పంపాలి, కానీ ముందు తెలుగులో రాసుకోండి. ఇంగ్లిష్‌లో మొదలుపెడితే అరిగిపోయిన మాటలు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి.

కాలేజీ లెటర్‌హెడ్, అవుట్‌వర్డ్ నంబరు, తేదీ

సెలక్షన్ కమిటీ అధ్యక్షుల వారికి,

విషయం: రసాయనశాస్త్ర అసిస్టెంట్ ప్రొఫెసర్ డా. ………… గారి అసోసియేట్ ప్రొఫెసర్ పదోన్నతి దరఖాస్తుకు సిఫారసు.

ఆర్యా,

డా. ………… గారు నేను ప్రిన్సిపాల్‌గా ఉన్న ఈ కళాశాలలో ఆరేళ్ళుగా పనిచేస్తున్నారు. ఆమెతో నాకు బంధుత్వం గానీ, ఉమ్మడి ప్రచురణలు గానీ లేవు. ఈ లేఖ కోసం ఆమె మూడేళ్ళ టీచింగ్ డైరీలు, ఫలితాల పత్రాలు, ల్యాబ్ నోటుబుక్కులు పరిశీలించాను. రెండు థియరీ క్లాసులు, ఒక ప్రాక్టికల్ క్లాసు స్వయంగా చూశాను.

మదింపు కాలంలోని మూడేళ్ళలోనూ ఆమె తనకు కేటాయించిన క్లాసుల్లో 90 శాతానికి తగ్గకుండా తీసుకున్నారు. ఏడాదివారీ వివరాలు జతపరచిన పట్టికలో ఉన్నాయి. మూడో సెమిస్టర్ పేపరును ఆమె చేపట్టిన ఏడాది చేరిన 46 మందిలో 41 మంది పరీక్ష రాయగా 33 మంది ఉత్తీర్ణులయ్యారు. ముందటి ఏడాది చేరిన 44 మందిలో 38 మంది రాయగా 22 మంది ఉత్తీర్ణులయ్యారు. ఒక్క ఏడాది ఫలితం మీద నేను ఎక్కువ ఆధారపడటం లేదు. ఈ మార్పుకు ఆమె చేసిన పనే ఒక కారణమని నేను అనుకోవడానికి ఆధారం వేరే ఉంది.

పీహెచ్, ఎలక్ట్రోకెమిస్ట్రీ లెక్కల్లో విద్యార్థులు తప్పడానికి కారణం లాగరిథమ్ రాకపోవడమని ఆమె గుర్తించారు. యూనిట్‌కు ముందు పెట్టిన పరీక్షలో 46 మందిలో 11 మంది మాత్రమే సగానికి పైగా లెక్కలు చేయగలిగారు. కళాశాల వేళలకు బయట ఎనిమిది రోజులు, రెండు విడతలుగా తరగతులు నడిపిన తర్వాత అదే స్థాయి పరీక్షలో 34 మంది చేయగలిగారు. రెండు పరీక్షల జవాబు పత్రాలు విభాగంలో భద్రంగా ఉన్నాయి. నేను చూసిన ఒక క్లాసులో వెనక వరుస విద్యార్థి ఒకరు తప్పు జవాబు చెప్పినప్పుడు ఆమె దాన్ని కొట్టివేయకుండా బోర్డు మీద రాసి, ఎక్కడ తప్పిందో తరగతి చేతనే చెప్పించారు.

ఆమె పరిశోధన జిల్లాలోని బోరుబావుల నీటిలో ఫ్లోరైడ్ గురించి. ముగ్గురు రచయితల ప్రధాన పేపరులో ఆమె మొదటి రచయిత. నమూనాల సేకరణ, కొలతలు ఆమెవి, గణాంక విశ్లేషణ సహరచయితలది. పటికతో శుద్ధిచేసిన నీటిలో మిగిలే అల్యూమినియం వల్ల స్పాడ్న్స్ కొలత తక్కువ చూపుతోందని ఆమె అనుమానించి, ఎలక్ట్రోడ్ పద్ధతిలో సరిచూశారు. ఒక నమూనాలో 0.9గా వచ్చినది 1.2గా తేలింది. జర్నల్‌కు అప్పటికే పంపిన పట్టికను తానే ఉపసంహరించుకుని, ఐదు నెలల తర్వాత సవరించి పంపారు. రెండు తేదీల నోటుబుక్కు పేజీలు నేను చూశాను, వాటి జిరాక్సులు జతపరిచాను.

ఆమె పని ఇంతవరకు కొద్ది ఊళ్ళకే పరిమితం. మా కళాశాల పరిశోధన కేంద్రం కానందున పీహెచ్‌డీ విద్యార్థులకు మార్గదర్శకత్వం వహించే అవకాశం ఆమెకు రాలేదు. ఇంటర్నల్ మార్కులు అప్‌లోడ్ చేయడంలో ఒక సెమిస్టర్‌లో ఆలస్యం జరిగింది, తర్వాత పునరావృతం కాలేదు.

అసోసియేట్ ప్రొఫెసర్‌గా ఆమెను పదోన్నతికి నేను సిఫారసు చేస్తున్నాను. పై విషయాల్లో దేనిపైన అయినా కమిటీకి రికార్డు కావాలంటే పంపగలను.

భవదీయుడు,
(సంతకం, పేరు, హోదా, ముద్ర)

లేఖ ఇంతే. రెండో పేజీ దాటనివ్వకండి. ఇందులో 'అద్భుతం', 'అసమానం', 'నిరంతర కృషి' లాంటి మాట ఒక్కటి కూడా లేదు చూడండి. కావాలని తీసేశాను. మీ చిత్తుప్రతి మీద ఎర్ర పెన్ను పట్టుకుని ప్రతి వాక్యం పక్కన అది ఏ రిజిస్టరులోంచి వచ్చిందో రాయండి. 'డైరీ', 'ఫలితాల షీటు', 'క్లాసులో చూశాను' అని ఏదో ఒకటి రావాలి. ఏమీ రాయలేకపోయిన వాక్యం తీసేయండి. నా మొదటి చిత్తుప్రతికి ఈ పని చేస్తే 19 వాక్యాల్లో 6 మిగిలాయి.

లోపాలు చెప్పే పేరా చూసి మీకు భయం వేస్తుంది, నాకూ వేసింది. ఎందుకు పెట్టానంటే, మార్కుల అప్‌లోడ్ ఆలస్యం మీద మెమో ఫైలులోనే ఉంది. నేను రాయకపోతే కమిటీ దాన్ని తానే చూసి, ప్రిన్సిపాల్ దాచాడు అనుకుంటుంది. ఫైలులో లేని లోపాన్ని వెతికి తెచ్చి పెట్టమని మాత్రం నేను అనడం లేదు. పీహెచ్‌డీ విద్యార్థులు లేకపోవడం కాలేజీ పరిస్థితి, ఆమె లోపం కాదు. ఆ తేడా వాక్యంలోనే తెలియాలి, అందుకే 'కేంద్రం కానందున' అని కారణం ముందు పెట్టాను.

ఇంకో మాట, మీకు కాకపోయినా ఇది చదివే వేరేవాళ్ళకు. మహిళా లెక్చరర్ల లేఖల్లో 'ఇద్దరు పిల్లల తల్లి అయి ఉండి కూడా', 'అందరితో నవ్వుతూ మాట్లాడతారు' అని రాసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. మగ లెక్చరర్‌కు ఎవరైనా ఇద్దరు పిల్లల తండ్రి అయి ఉండి కూడా ఎలక్ట్రోకెమిస్ట్రీ చెప్పాడని రాస్తారా? ఆ చోటులో ఆమె కొలిచిన నీళ్ళ గురించి ఇంకో వాక్యం పడుతుంది.

అట్లాగే ముందు ఏడాది ఆ పేపరు చెప్పిన లెక్చరర్ పేరు ఎక్కడా రానివ్వకండి. మీ కాలేజీలో అది ఎవరో అందరికీ తెలుసు, ఆయన కూడా రేపు ప్రమోషన్‌కు వస్తాడు, మీ దగ్గరికే వస్తాడు. పోలిక పేపరుకూ పేపరుకూ మధ్య ఉండాలి.

పంపే ముందు లేఖ మొత్తం మేడమ్‌కు చూపించాలా అంటే, అది మీ కాలేజీ పద్ధతి. కవరు అతికించి నేరుగా పంపమంటే చూపించకండి. కానీ ఆమె తప్పు పట్టుకుని దిద్దుకున్న సంగతి లాంటిది రాస్తుంటే మాత్రం ముందుగా నోటిమాటగా చెప్పండి. నేను చెప్పినప్పుడు ఆమె ముఖం చిన్నబోయింది. 'సార్, అది బయటపెడితే నా కొలతలే తప్పని అంటారేమో' అంది. రెండు తేదీల పేజీల జిరాక్సులు జత చేస్తానని చెప్పాక ఒప్పుకుంది. ఇంటర్వ్యూలో ఆమెను అడిగిన మొదటి ప్రశ్న ఆ అల్యూమినియం గురించేనట, ఇరవై నిమిషాల్లో సగం దాని మీదనే గడిచిందని వచ్చి చెప్పింది.